ఒక నోటీసు, మూడు లెక్కలు: మా ఇంట్లో ఆ తొమ్మిది రోజులు

డిసెంబరు 28న మా కొబ్బరితోటలో కాయల దింపు. సాయంత్రం దింపువాళ్లు కూలి తీసుకుని వెళ్లిపోయాక, నాన్న కాయల రాశి పక్కనే కూర్చుని లెక్క రాసుకుంటున్నారు. అప్పుడే నా ఫోన్‌కి యూనివర్సిటీ పోర్టల్ నుంచి మెసేజ్ వచ్చింది. మూడో సెమిస్టర్ రిజల్ట్స్, వాటితోపాటు ఒక నోటీసు.

నోటీసులో అసలు వాక్యాలు రెండే. కనీస క్రెడిట్లు సాధించనివారు, నిర్ణీత గ్రేడ్ సగటు కంటే తక్కువ ఉన్నవారు నిబంధనల ప్రకారం అకడమిక్ వార్నింగ్ లేదా ప్రొబేషన్ కిందకు వస్తారని మొదటిది. వచ్చే సెమిస్టర్‌కి 16 క్రెడిట్లు మించకుండా, ఫ్యాకల్టీ అడ్వైజర్ ఆమోదంతో, జనవరి 6లోగా రిజిస్టర్ చేసుకోవాలని, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని రెండోది. కింద నా నంబరు ఎదురుగా ఇలా ఉంది:

```
47/61   SGPA 2.86   CGPA 4.89   AW/AP1
```

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. 47/61 అంటే పద్నాలుగు క్రెడిట్లు తక్కువయ్యాయి కాబట్టి మూడో సంవత్సరానికి పంపరని అనుకున్నాను. మధ్యలో ఆ గీత ఉంది కదా, వార్నింగూ ప్రొబేషనూ రెండూ పడ్డాయని అనుకున్నాను. అమ్మ మాత్రం "ముందు ఎవరినైనా అడుగు, ఆ తర్వాత ఏడుద్దువు గాని" అంది.

మా వీధి చివర ఒక మాస్టారున్నారు. ఒక కాలేజీ పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మర్నాడు పొద్దున్నే నాన్నా నేనూ వెళ్లాం. నోటీసు చూపించబోతే ఆయన చేత్తో ఆపి, "అది తర్వాత చూద్దామమ్మా. మూడు సెమిస్టర్ల గ్రేడ్ షీట్లూ, మీ బ్యాచ్ రెగ్యులేషన్స్ పుస్తకమూ తీసుకురా. మీ బ్యాచ్‌దే తేవాలి, సీనియర్లది వద్దు" అన్నారు. రెగ్యులేషన్స్ పీడీఎఫ్ పోర్టల్‌లో ఎప్పటినుంచో ఉంది. నేను చేరినప్పటి నుంచి ఒక్కసారీ తెరవలేదు.

దాన్ని పక్కన పెట్టుకుని చదివితే, నోటీసులో ఒకే వాక్యంలో కలిపేసిన సంగతులు నిజానికి మూడు వేర్వేరు నియమాలని తెలిసింది. మూడూ మూడు వేర్వేరు అంకెల్ని చూస్తాయి.

మొదటిది వార్నింగ్. అది ఎస్‌జీపీఏని, అంటే ఆ ఒక్క సెమిస్టర్ సగటుని మాత్రమే చూస్తుంది. 5 కంటే తగ్గితే వార్నింగ్. రెండోది ప్రొబేషన్. అది సీజీపీఏని, అంటే చేరినప్పటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన మొత్తం సగటుని చూస్తుంది. అది 5 కంటే తగ్గినా, వరుసగా రెండు సెమిస్టర్లు వార్నింగ్ వచ్చినా ప్రొబేషన్. 16 క్రెడిట్ల పరిమితి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకే. వార్నింగ్ మాత్రమే ఉన్నవాళ్లు అడ్వైజర్ సంతకంతో మామూలుగా 24 దాకా తీసుకోవచ్చు. మూడోది మూడో సంవత్సరానికి ప్రమోషన్. దానికి సగటుతో పనిలేదు, నాలుగో సెమిస్టర్ ముగిసేసరికి పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు 40 ఉంటే చాలు. నాకు అప్పటికే 47 ఉన్నాయి. రాత్రంతా దేనికి భయపడ్డానో ఆ నియమం నా జోలికే రాదు.

ఇవి మా యూనివర్సిటీ అంకెలు. వేరేచోట వేరేగా ఉంటాయి. కానీ ఏ నియమం ఏ అంకెని చూస్తుందో విడదీసుకోవడం మాత్రం ఎక్కడైనా తప్పదు.

ఆ తర్వాత మాస్టారు నాన్న జేబులోని దింపు లెక్కల పుస్తకం అడిగి తీసుకుని, వెనక ఖాళీ పేజీలో గీతలు గీశారు. సబ్జెక్టు, క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు, రెండిటి గుణకారం. సగటు అంటే గుణకారాలన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగించడమే. మా దగ్గర సి గ్రేడ్‌కి 5, పీ అంటే బొటాబొటీ పాస్‌కి 4, ఫెయిల్‌కి సున్నా. ఫెయిలైన సబ్జెక్టు పాయింట్లు ఇవ్వదు గానీ దాని క్రెడిట్లు భాగహారంలో మాత్రం ఉంటాయి. సగటుని అంతగా కిందకి లాగేది అదే.

నా మూడో సెమిస్టర్ మొత్తం 21 క్రెడిట్లు. మూడు క్రెడిట్ల పేపర్లు రెండిట్లో సి వచ్చింది, అంటే పదిహేనూ పదిహేనూ ముప్పై. రెండు క్రెడిట్ల ల్యాబులు రెండిటికీ కలిపి మరో ముప్పై. మ్యాథ్స్ నాలుగు క్రెడిట్లు, కంప్యూటర్ ఆర్గనైజేషన్ మూడు, రెండూ ఫెయిల్. మిగిలింది డేటా స్ట్రక్చర్స్, నాలుగు క్రెడిట్లు. ఆ పరీక్ష నాటికి నాకు టైఫాయిడ్. మ్యాథ్స్ జ్వరంతోనే రాశాను, డేటా స్ట్రక్చర్స్‌కి లేవలేకపోయాను. డాక్టర్ సర్టిఫికెట్ డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చాను. గ్రేడ్ షీట్‌లో దాని ఎదురుగా ఐ అని ఉంది, అంటే ఇన్‌కంప్లీట్.

మాస్టారు అక్కడే ఆగారు. 60ని 21తో భాగించారు. 2.86. నోటీసులో ఉన్నదీ అదే. "ఇది 21తో భాగిస్తే వచ్చిందమ్మా. అంటే నువ్వు రాయని పేపర్ని కూడా సున్నా వేసి కలిపారు" అన్నారు. రెగ్యులేషన్స్ మళ్లీ తిరగేశాం. ఐ గ్రేడ్ ఉన్న సబ్జెక్టుని, దాని మేకప్ పరీక్ష ఫలితం వచ్చేదాకా సగటు లెక్కలో చేర్చకూడదని స్పష్టంగా రాసి ఉంది.

అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న నాన్న అప్పుడు అన్నారు: "ఆయ్, అర్థమైందండి. రాశిలో ఇంకా తూకం వెయ్యని కాయల్ని సున్నా రేటుకి అమ్మేసినట్టు రాస్తే సగటు రేటు పడిపోదాండీ? అమ్మనివాటిని అసలు లెక్కలోనే రాయకూడదు కదండీ." నాకు ఆ వారంలో దొరికిన వివరణల్లో అంతకన్నా తేలికైనది లేదు.

ఆ నాలుగు క్రెడిట్లూ తీసేసి మళ్లీ లెక్క కట్టాం. ఎస్‌జీపీఏ 60ని 17తో భాగిస్తే 3.53. ఇంకా 5 కంటే తక్కువే, కాబట్టి వార్నింగ్ న్యాయంగా వచ్చిందే. సీజీపీఏకి మొదటి సెమిస్టర్ 128 పాయింట్లు, రెండోది 110, ఇప్పటి 60, మొత్తం 298. యూనివర్సిటీ దాన్ని 61తో భాగించింది, 4.89. భాగించాల్సింది 57తో. అప్పుడు 5.23. ప్రొబేషన్ గీతకి పైనే ఉన్నాను.

ఈ తేడా కాగితం మీదది మాత్రమే కాదు. నాలుగో సెమిస్టర్‌లో రెగ్యులర్ సబ్జెక్టులే 20 క్రెడిట్లు. 16కి కట్టేస్తే కనీసం నాలుగు క్రెడిట్లు వదిలెయ్యాలి. మా దగ్గర సరి సెమిస్టర్ సబ్జెక్టు మళ్లీ సరి సెమిస్టర్‌లోనే చెప్తారు, అంటే ఏడాది ఆగాలి. దాని మీద ఆధారపడిన పై సబ్జెక్టులు కూడా అక్కడే ఆగిపోతాయి.

అయితే మాస్టారు ఇంకో సంగతి కూడా తేల్చారు. ఇది తప్పిపోయిన గండం కాదు, వాయిదా పడిన గండం. మేకప్ పరీక్షలో ఫెయిలైతే ఆ సున్నా నిజంగానే వచ్చి కూర్చుంటుంది, సీజీపీఏ మళ్లీ 4.89 అయిపోతుంది. బొటాబొటీగా పాసైనా నాలుగు నాలుగులు పదహారు కలిసి 314, దాన్ని 61తో భాగిస్తే 5.15. అంటే నా పరిస్థితి మొత్తం ఆ ఒక్క పేపర్ మీద ఉంది. "ముందు దాని మీద కూర్చో. మిగతావి ఆ తర్వాత" అన్నారు.

ఆ మధ్యాహ్నమే అడ్వైజర్ సార్‌కీ పరీక్షల విభాగానికీ ఒకే మెయిల్ పెట్టాను. మాస్టారు చెప్పినట్టు జ్వరం కథంతా రాయలేదు. నా నంబరు, సబ్జెక్టు పేరు, గ్రేడ్ షీట్‌లో ఐ అని ఉండటం, సగటులో అది సున్నాగా చేరినట్టు చూపే భాగహారం, రెగ్యులేషన్స్‌లోని ఆ నియమం నంబరు, స్టేటస్ సరిచేయమన్న అభ్యర్థన, అంతే. సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు డిపార్ట్‌మెంట్‌లో ముద్ర వేయించుకున్న కాపీ జత చేశాను. ఆ రోజు నాకు జ్వరంగా ఉన్నా అమ్మ పట్టుబట్టి ఆ ముద్ర వేయించింది.

రెండు రోజులు జవాబు లేదు. ఫోన్ చేస్తే "చూస్తాం" అన్నారు. జనవరి 3న నాన్నా నేనూ తెల్లవారుజామున రావులపాలెం వెళ్లి బస్సెక్కాం. పరీక్షల విభాగంలో గుమస్తాగారు నా కాగితం చూసి, రిజిస్టర్ తీసి, డిపార్ట్‌మెంట్ నుంచి ఐ గ్రేడ్ వచ్చింది గానీ దాన్ని లెక్కలోంచి తప్పించే గుర్తు సిస్టమ్‌లో పెట్టలేదని చెప్పారు. నాతోపాటు ఇంకో ఇద్దరివి కూడా అలాగే ఉన్నాయట. సాయంత్రానికి పోర్టల్‌లో AW, అంటే వార్నింగ్ మాత్రమే మిగిలింది. ఆ ఇద్దరికీ కూడా సరిచేశారా అని అడిగితే చేశామన్నారు. మెయిల్ పెట్టకుండా ఊరుకుంటే వాళ్ల రిజిస్ట్రేషన్ ఏమయ్యేదోనని తిరిగొచ్చేటప్పుడు చాలాసేపు అనిపించింది.

అడ్వైజర్ సార్ దగ్గర సంతకానికి కూర్చున్నప్పుడు ఫెయిలైన పేపర్లు ఒక్కొక్కటీ చూశాం. పాసవ్వాలంటే ఇంటర్నల్స్ 40కి, ఫైనల్ 60కి కలిపి 40 రావాలి, ఫైనల్‌లో కనీసం 21 ఉండాలి. మ్యాథ్స్‌లో నా ఇంటర్నల్స్ 23 ఉన్నాయి, ఫైనల్‌లో 14 వచ్చి పోయింది. సప్లిమెంటరీలో 21 తెచ్చుకుంటే చాలు, కాబట్టి ఫీజు కట్టాను. రెండో సెమిస్టర్‌లో పోయిన ఫిజిక్స్‌కి కూడా సప్లిమెంటరీయే. కంప్యూటర్ ఆర్గనైజేషన్ వేరు. మొదటి మిడ్ రాయలేదు కాబట్టి ఇంటర్నల్స్ 9 మాత్రమే. సప్లిమెంటరీ రాస్తే ఆ తొమ్మిదే ఉంటాయి, ఫైనల్‌లో 31 కావాలి. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంటర్నల్స్ కొత్తగా వస్తాయి, కానీ ఆ సబ్జెక్టు బేసి సెమిస్టర్‌లోనే ఉంటుంది. ఐదో సెమిస్టర్‌లో తీసుకుందామని సార్ అన్నారు, సరేనన్నాను. నాలుగో సెమిస్టర్‌కి రెగ్యులర్ 20 క్రెడిట్లూ రిజిస్టర్ చేశాను. అందులో ఎస్‌జీపీఏ 5 కంటే తగ్గితే వరుసగా రెండో వార్నింగ్, అంటే ప్రొబేషన్ అని సార్ కాగితం మీదే రాసి ఇచ్చారు.

మేకప్ పరీక్ష సంక్రాంతి సెలవులు అయిన వెంటనే. కనుమ నాడు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లింది. నేను ఇంట్లోనే ఉండి ట్రీలు, గ్రాఫులు మళ్లీ మొదటి నుంచి చేశాను. దూరంగా మేళాలు వినిపిస్తూనే ఉన్నాయి. అమ్మ తీర్థం నుంచి జీళ్లు తెచ్చి పుస్తకం పక్కన పెట్టింది.

ఫిబ్రవరి రెండో వారంలో ఫలితం వచ్చింది. సి గ్రేడ్. నాన్న లెక్కల పుస్తకం వెనక పేజీలో, మాస్టారు ఖాళీగా వదిలేసిన గడిలో నేనే రాశాను: నాలుగు అయిదులు ఇరవై, మొత్తం 318, భాగారం 61, సీజీపీఏ 5.21. నాన్న ఒకసారి చూసి, పేజీ తిప్పి, ఆ రోజు దింపు లెక్క మొదలుపెట్టారు.