sh, ch, th బొమ్మల కార్డులు: మా పాప కోసం చేస్తున్న ఆట ఇప్పటికి ఎక్కడిదాకా వచ్చింది

మా పాప ఫస్ట్ క్లాస్. ఒక్కో అక్షరం శబ్దం బాగానే చెబుతుంది, క్యాట్, పెన్, సన్ లాంటివి కూడబలుక్కుని చదువుతుంది. కానీ ship అని కనబడగానే స్, హ్, ఇ, ప్ అని విడివిడిగా చదివి ఆగిపోతుంది. రెండు అక్షరాలు కలిసి ఒకే శబ్దం అవుతాయన్న సంగతి ఇంకా చెవికి ఎక్కలేదు. అందుకని బొమ్మల కార్డులు వేరు చేసే ఆట ఒకటి చేస్తున్నాను. బొమ్మ చూసి, పేరు పైకి చెప్పి, మొదటి శబ్దం sh అయితే ఒక డబ్బాలో, th అయితే ఇంకో డబ్బాలో, ఏదీ కాకపోతే మూడో డబ్బాలో వేయాలి. ఆట అంతే. కానీ బొమ్మలు ఎంచుకోవడంలో చాలా ఉంది, ఈసారి రాసేది ఎక్కువగా దాని గురించే.

ముందు తయారీ సంగతి. ఏ4 సైజు 300 జీఎస్ఎమ్ కార్డు పేపర్ మీద ప్రింట్ తీయించి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు చొప్పున కోస్తే ఒక షీటుకి తొమ్మిది కార్డులు వస్తాయి, ఒక్కోటి 7 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు. ఇంతకన్నా పల్చటి పేపర్ వద్దు, వెనక రాసిన పదం వెలుతురులో ముందు వైపుకి కనబడిపోతుంది. ముందు వైపు బొమ్మ ఒక్కటే, అక్షరాలు ఏమీ లేవు. వెనక పదం ఉంటుంది, అందులో sh గానీ th గానీ ఎరుపులో, మిగతా అక్షరాలు నలుపులో. రెండు అక్షరాలూ ఒకే రంగులో ఉంటే అవి జంట అని మళ్ళీ చెప్పే పని ఉండదు. ఫాంట్ Andika, ఉచితంగా దొరుకుతుంది, చదవడం నేర్చుకునేవాళ్ళ కోసమే చేసినది, a, g అక్షరాలు పిల్లలు చేత్తో రాసే ఆకారంలోనే ఉంటాయి. లామినేషన్ చేయిస్తే మాత్రం కోశాక మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే పిల్లల వేళ్ళకి గుచ్చుకుంటాయి.

ముందు ఏ రెంటితో మొదలుపెట్టాలి అన్నది చాలా ముఖ్యం. sh, ch రెండూ పెదాలు ముందుకు చాచి పలికేవి, చెవికి కూడా దగ్గరగా ఉంటాయి. sh, th అయితే నోరు పెట్టే తీరే వేరు, తేడా అద్దంలో కూడా కనబడుతుంది. కాబట్టి మొదటి విడతలో sh, th మాత్రమే, ఒక్కోదానికి ఆరేసి బొమ్మలు, ఏదీ కానివి ఓ నాలుగు. ఒకసారి ఆడేటప్పుడు వీటిలో పది కార్డులకు మించి తీయను, అంతకన్నా ఎక్కువైతే చివర్లో వినడం మానేసి ఊరికే డబ్బాల్లో పడేస్తుంది.

ఇక అసలు విషయం. కార్డు తప్పు డబ్బాలో పడితే వెంటనే సరిచేయకుండా "ఇదేంటమ్మా?" అని అడుగుతాను. చాలాసార్లు ఆ జవాబులోనే కారణం దొరుకుతుంది. థమ్ కార్డు ఏదీ కాని డబ్బాలో వేసింది. ఏంటని అడిగితే "లైక్" అంది, ఎందుకంటే నేను పెట్టిన బొమ్మలో బొటనవేలు పైకి ఎత్తి ఉంది. ఆ పేరు ప్రకారం తను చేసింది కరెక్టే. థార్న్ కోసం పెట్టిన గులాబీ కొమ్మని "రోజ్" అంది. షిప్‌ని బోట్ అంది. వీటిలో చెవి లోపం ఏమీ లేదు, ఆ బొమ్మ ఇంకో పేరు పిలిపించుకుంటోంది, అంతే. పేరు సరిగ్గా చెప్పి కూడా తప్పు డబ్బాలో వేస్తేనే అది శబ్దం పట్టుకోవడంలో ఇబ్బంది.

అందుకని ఇప్పుడు ప్రతి ఆటకీ ముందు పేర్ల రౌండ్ ఒకటి ఉంటుంది. కార్డులన్నీ చాప మీద పరిచి ఒక్కోదాని పేరు ఇద్దరం కలిసి అనుకుంటాం. రెండుసార్లు చెప్పినా వేరే పేరే వచ్చే బొమ్మని పక్కన పెట్టేసి కొత్తది వేస్తాను. గులాబీ కొమ్మ తీసేసి తుమ్మ ముల్లు ఒక్కటే దగ్గరగా తీసిన ఫోటో పెట్టాను, ఇప్పుడు ముల్లు అని తెలుగులో గుర్తుపట్టి తర్వాత థార్న్ అంటోంది. గొర్రె విషయంలో ఉల్టా జరిగింది. మన ఊళ్ళల్లో కనబడే నల్ల గొర్రె ఫోటో పెడితే గోట్ అంది, పాటల వీడియోల్లో ఉండే తెల్లటి ఉన్ని గొర్రె బొమ్మ పెడితే ఠక్కున షీప్ అంది. ముల్లుకి ఫోటో, గొర్రెకి కార్టూన్. ఏది పనిచేస్తుందో పిల్ల నోటి నుంచి వింటేనే తెలుస్తుంది.

th గురించి నేను అనుకున్నంత కష్టం రాలేదు. మన పిల్లలకి ట వేరు, త వేరు అని పుట్టినప్పటి నుంచీ తెలుసు. టెన్, టైగర్ అన్నప్పుడు ట అంటారు, థమ్, థ్రెడ్ అన్నప్పుడు థ అంటారు, రెంటినీ కలిపే ప్రశ్నే లేదు. నిజానికి ఇంగ్లీషు th అంటే నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి గాలి వదలాలి, మన థ అది కాదు. కానీ డబ్బాలు వేరు చేసే ఆటకి థ అంటే చాలు, ఉచ్చారణ దిద్దడం వేరే పని, రెండూ ఒకేసారి పెట్టుకుంటే ఆట ఆగిపోతుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త కావాలి, ట్రీ, త్రీ. చెట్టు బొమ్మ, మూడు మామిడిపళ్ళ బొమ్మ పక్కపక్కన పెట్టి ఆడిస్తే ఈ తేడా బాగా పట్టుబడుతుంది.

ఇదే ఫైల్ డాలస్‌లో ఉండే మా చెల్లికి పంపాను. వాళ్ళ బాబు అక్కడే పుట్టి పెరిగాడు, వాడి తప్పులు పూర్తిగా వేరు. థమ్‌ని ఫమ్ అంటాడు, త్రీని ఫ్రీ అంటాడు, అందుకని ఫిష్, ఫ్యాన్ పక్కన పెడతాడు. ఇంగ్లీషు మొదటి భాషగా పెరిగే పిల్లలకి th అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే శబ్దాల్లో ఒకటి, ఆ వయసులో అది మామూలే. అలాగే ట్రెయిన్ కార్డుని ch డబ్బాలో వేశాడు. అక్కడి పలుకుబడిలో ట్రెయిన్ దాదాపు చ్రెయిన్ లాగే వినబడుతుంది కాబట్టి వాడు తను విన్నదే చేశాడు. మా పాపకి ట్రెయిన్‌తో ఏ గొడవా లేదు. కాబట్టి ఇంట్లో ఏ పలుకుబడి ఉందో చూసుకుని ఏదీ కాని డబ్బా కార్డులు ఎంచుకోవాలి. వాళ్ళకి f కార్డులు, మాకు s కార్డులు.

మాకు s ఎందుకంటే మా ఇంట్లో షాపుని సాపు అనే వాళ్ళూ ఉన్నారు, మా అత్తయ్యగారు అలాగే అంటారు, పాప ఆవిడ దగ్గరే ఎక్కువ ఉంటుంది. షాప్, షెల్, షూ పక్కన సోప్, సన్, సాక్స్ పెట్టి కొన్నాళ్ళు ఆ రెండు డబ్బాలే ఆడించాను. అత్తయ్యగారు కూడా కూర్చుని ఆడతారు, పాప ఆవిడకి "నానమ్మా, గాలి గట్టిగా వదలాలి, ఉష్ అన్నట్టు" అని చెబుతుంది. ఆ ఉష్ అన్నదే మా ఇంట్లో sh కి గుర్తు.

ch రెండో విడత. ఇక్కడ మన తెలుగు అలవాటు ఒకటి అడ్డం వస్తుంది. చిలక, చెట్టు అన్నప్పుడు చ ఒకలా పలుకుతాం, చాప, చుక్క అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి జరిగి ఇంకోలా పలుకుతాం. ఇంగ్లీషు ch మొదటి రకానికి దగ్గర. అందుకని చిన్, చిక్, చీజ్, చెస్, చెయిన్ లాంటివే ముందు ఇచ్చాను, చాక్ లాంటివి తర్వాత. చిక్ బొమ్మని కోడిపిల్ల అంటుంది, పేర్ల రౌండ్‌లో చెబితే సరిపోయింది. చిన్ కోసం మొహం మొత్తం వేయకూడదు, ఫేస్ అంటారు, గడ్డం వరకే కత్తిరించిన ఫోటో మీద ఒక బాణం గుర్తు పెట్టాలి. షెఫ్, మెషిన్, స్కూల్ మాత్రం ఈ ఆటలోకి రానివ్వను. మూడింట్లోనూ ch ఉంది, కానీ మొదటి రెంట్లో ష, మూడోదాంట్లో క పలుకుతుంది. కార్డు తిప్పి ఎరుపు అక్షరాలు చూసుకున్నప్పుడు తను విన్నదానికీ కనబడినదానికీ పొంతన ఉండదు, ఈ దశలో అది అనవసరమైన టెన్షన్.

ch డబ్బా sh డబ్బా పక్కన పెట్టాక నాలుగైదు రోజులు బాగా కలగాపులగం అయింది. అప్పుడు అరచేతిని నోటి ముందు పెట్టించాను. sh అంటే గాలి ఆగకుండా వస్తూనే ఉంటుంది, ఊపిరి ఉన్నంతసేపు సాగదీయొచ్చు. ch అంటే ఒక్కసారి తగిలి ఆగిపోతుంది, సాగదీయబోతే ష అయిపోతుంది. "సాగుతుందా, సాగదా?" అన్న ఒక్క ప్రశ్నతో షిప్, చిప్స్ వేరు పడ్డాయి.

ఇప్పుడు మాటల చివరి శబ్దాల మీద ఉన్నాం, ఇది ఇంకా నడుస్తోంది. ఫిష్, బ్రష్, బెంచ్, వాచ్, బాత్, టీత్. ఇక్కడ ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే మనం వీటిని ఫిష్షు, బ్రష్షు, బెంచీ, వాచీ అంటాం. వాచీలో చివరి శబ్దం ఏంటని అడిగితే "ఈ" అంటుంది, తను అన్న మాట ప్రకారం అది సరైన జవాబే. అందుకని పేరు చెబుతూ చివర్లో గుప్పెట మూసేయడం పెట్టాను, గుప్పెట మూసుకోగానే నోరు కూడా ఆగాలి. వాచ్ అని గుప్పెట మూస్తే చివరన చ్ మిగులుతుంది. అది వచ్చాకే వాచ్, వాష్ జంట కార్డులు ఇచ్చాను, ఒకదాంట్లో చేతి గడియారం, ఇంకోదాంట్లో సబ్బు నురగ చేతులు. ఇవి పదిలో ఏడెనిమిది సరిగ్గా పడుతున్నాయి. వాచ్ వెనక ch ముందు ఒక t కూడా ఉంది, పాప దాన్ని గమనించి ఎందుకని అడిగింది. పొట్టి అచ్చు తర్వాత వెంటనే చ్ వస్తే చాలాసార్లు t తోడు వస్తుందని మాత్రం చెప్పి, ఆ కార్డులో మూడు అక్షరాలూ ఎరుపు చేశాను.

ద శబ్దం పలికే th ని కావాలనే ఆపి ఉంచాను. దిస్, దట్, ద అనే మాటలకి బొమ్మలు వేయలేం. బొమ్మ వేయగలిగినవి ఫాదర్, మదర్, బ్రదర్, ఫెదర్, వాటిలో th మధ్యలో ఉంటుంది. థ, ద రెండూ మన పిల్లలకి వేరు వేరు అక్షరాలు కాబట్టి ఒకే డబ్బాలో వేయమంటే ఒప్పుకోరు. అందుకని వీటికి నాలుగో డబ్బా పెట్టి, ఇంట్లో వాళ్ళ ఫోటోలతోనే కార్డులు చేద్దామని అనుకుంటున్నాను. వాళ్ళ నాన్న ఫోటో, నాది, తమ్ముడిది ప్రింట్‌కి ఇచ్చాను. ఫెదర్‌కి నెమలి ఈక వద్దు, పీకాక్ అంటుంది, తెల్ల కొంగ ఈక ఒకటి దొరికింది, దాన్నే ఫోటో తీస్తాను.