ఆఫర్ వచ్చాక రాయాల్సిన అసలు పేపర్

ఫ్రెండ్స్, మొత్తానికి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేశాను. వచ్చే నెల రాయదుర్గంలో జాయినింగ్. డీఎస్ఏ ఎలా చదివాను, సిస్టమ్ డిజైన్‌కి ఏం చూశాను అని చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు. కొత్తగా చెప్పడానికేం లేదు, మీరు చదివేదే నేనూ చదివాను. ఇక్కడ రాస్తున్నది చేతిలో రెండు ఆఫర్లు ఉన్నప్పుడు నాలుగు లక్షలు ఎక్కువ ఇస్తానన్నదాన్ని ఎందుకు వద్దనుకున్నానో. మా బావ ఇప్పటికీ "నీకేమైనా పిచ్చా?" అంటూనే ఉన్నాడు కాబట్టి ఆయనకీ ఇదే జవాబు.

ఆ ఎక్కువ జీతం ఇస్తానన్నది మాదాపూర్‌లో ఒక స్టార్టప్. 11 నెలల క్రితం 120 కోట్ల ఫండింగ్ వచ్చిందని పేపర్లలో ఫొటోలతో సహా వేశారు. "ఐదొందల మంది ఫ్యామిలీ మాది" అన్నాడు హెచ్ఆర్. అంతకుముందు నా ఉద్యోగం లేఆఫ్‌లో పోయింది కాబట్టి ఫ్యామిలీ అన్న మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఈ ఐదొందల మంది నిజంగా ఉన్నారా అని చూద్దామనుకున్నాను.

దానికి దారి చూపించింది అకౌంట్స్‌లో పనిచేసే మా రూమ్మేట్. బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఈపీఎఫ్ఓ సైట్‌లో Establishment Search అని ఉంటుంది. కంపెనీ రిజిస్టర్డ్ పేరు కొట్టి, క్యాప్చా వేసి, View Details నొక్కితే కింద పేమెంట్ వివరాలు తెరుచుకుంటాయి. ఏ నెల జీతానికి, ఎంతమంది ఉద్యోగులకు, ఎంత పీఎఫ్, ఏ తేదీన కట్టారో వరసగా కనిపిస్తుంది. బ్రాండ్ పేరు కొడితే దొరకదు. ఆఫర్ లెటర్ అడుగున ఉండే ప్రైవేట్ లిమిటెడ్ పేరు కొట్టాలి.

నేను ఏడాది లెక్క ఒక కాగితం మీద రాసుకున్నాను. మొదట్లో 410 మంది. ఫండింగ్ వార్త వచ్చాక 431. ఆ తర్వాత ఒకే నెలలో 431 నుంచి 352కి పడింది. అక్కణ్నుంచి నెలకు పదీ పదిహేను చొప్పున తగ్గుతూ చివరికి 268. లేఆఫ్ జరిగినట్టు ఎక్కడా వార్త లేదు. ఒక్కసారిగా 79 మంది తగ్గారంటే తీసేసినట్టే. ఆ తర్వాత నెల నెలా తగ్గారంటే, మిగిలినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోతున్నారన్నమాట. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ రెండోదే.

ఆ అంకెలకంటే తేదీలు ఇంకా ముఖ్యం. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15 లోపు కట్టాలి. మొదట్లో వీళ్లు 12, 13 తేదీల్లో కట్టేవారు. చివరి నాలుగు నెలలు 15 దాటిపోయింది, ఒక నెలదైతే ఏకంగా రెండు నెలలు ఆలస్యంగా కట్టారు. ఆలస్యమైతే వడ్డీ, జరిమానా పడతాయని తెలిసీ కట్టలేదంటే, ఆ వారం బ్యాంకులో డబ్బు లేదనే నేను అనుకుంటాను.

అయితే ఈ పట్టికను గుడ్డిగా నమ్మకండి. మొదటి ఉద్యోగంలోనే 15,000 దాటిన పీఎఫ్ వేతనంతో చేరినవాళ్లు పీఎఫ్ వద్దనుకోవచ్చు, ఇంటర్న్‌లు, కాంట్రాక్టువాళ్లు లెక్కలోకి రారు. అందుకే మొత్తం అంకెను కాదు, అది ఎటు పోతుందో చూడాలి. ఒకే నెలకు రెండు మూడు చలాన్లు ఉంటే కలిపి చూడాలి. కంపెనీకి బెంగళూరులో వేరే పీఎఫ్ కోడ్ ఉంటే అదీ చూడాలి, జనాన్ని అక్కడికి మార్చి ఉండొచ్చు. సొంత పీఎఫ్ ట్రస్టు నడిపే పెద్ద కంపెనీలకు ఈ కిటుకు సరిగా పనిచేయదు.

ఇక ఫండింగ్. వార్తలో చెప్పే మొత్తమంతా కంపెనీ ఖాతాలో పడాలని లేదు. పాత ఇన్వెస్టర్లు తమ షేర్లు కొత్తవాళ్లకు అమ్ముకున్న డబ్బు, అప్పు, విడతలవారీగా వచ్చేది, అన్నీ కలిపి హెడ్‌లైన్ చేస్తారు. కొత్త షేర్లు ఇచ్చి నిజంగా ఎంత తెచ్చుకున్నారో కంపెనీల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ ఎంసీఏ పోర్టల్‌లో పీఏఎస్-3 ఫారంలో ఉంటుంది. ఒక్కో కంపెనీకి 100 రూపాయల చొప్పున ఆ పోర్టల్‌లో కడితే డాక్యుమెంట్లు చూడొచ్చు. ఒక బిర్యానీకి పెట్టేదాంట్లో సగం కూడా కాదు, దానికీ బద్ధకిస్తే ఎలా?

నాకు కనిపించింది 78 కోట్లు. అదే పోర్టల్‌లో ఉండే తాకట్టు రిజిస్టర్‌లో అప్పు ఏదీ లేదు. అంటే మిగతా 42 కోట్లు చాలావరకు పాత షేర్ల అమ్మకమో, ఇంకా రాని విడతో అయ్యుండాలి. ఖర్చు లెక్కకు లాభనష్టాల పేజీ చూడకండి. ఈసాప్ ఖర్చు, తరుగుదల లాంటి చేతినుంచి డబ్బు పోని పద్దులు అందులో కలిసి ఉంటాయి. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో ఆపరేటింగ్ వరస చూడండి. అక్కడ ఏడాదికి 72 కోట్లు పోతున్నాయి, అంటే నెలకు 6 కోట్లు. వార్త ప్రకారమైతే 20 నెలలకు సరిపోవాలి. ఫారం ప్రకారం 13 నెలలు, అందులో 11 అయిపోయాయి. పాత నిల్వ పెద్దగా లేదు. జనాన్ని తగ్గించాక ఖర్చు తగ్గి ఉంటుందని ఇంకో మూడు నాలుగు నెలలు కలుపుకున్నా, నా ప్రొబేషన్ పూర్తయ్యేలోపే ఖాళీ. ఈ లెక్కలోనూ లోపముంది: మార్చి లెక్కలు పోర్టల్‌లోకి వచ్చేసరికి అక్టోబర్, నవంబర్ అవుతుంది కాబట్టి మనం చూసేది పాత బొమ్మే. బైజూస్ అయితే 2020-21 లెక్కలు 2022 సెప్టెంబర్‌లో గానీ బయటపెట్టలేదు. 2023 జూన్‌లో ఆడిటర్ డెలాయిట్ తప్పుకుంది. లెక్కలు గడువుకు రాకపోవడం, ఆడిటర్ మధ్యలో వెళ్లిపోవడం ఈ పోర్టల్‌లోనే కనిపించేవి.

పీఎఫ్ పట్టికలో తెలియనిది ఒకటుంది. వంద మంది వెళ్లి వంద మంది చేరితే అంకె కదలదు. అందుకు లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ వదిలేసినవాళ్లను వెతికి, మన కుర్చీలో అంతకుముందు ఎవరున్నారో పట్టుకోవాలి. నాకు ఇస్తానన్న పోస్టులో రెండేళ్లలో ముగ్గురు మారారు. వాళ్లలో ఒకాయనకు మెసేజ్ పెట్టాను. "కంపెనీ ఎలా ఉంది అన్నా?" అని అడిగితే ఎవరైనా "బానే ఉంటుంది తమ్ముడూ" అంటారు. నేను అడిగింది జీతం ఏ తేదీన పడేది, మానేశాక సెటిల్‌మెంట్ ఎన్నాళ్లకు వచ్చింది అని. "జీతం ఒకటికి పడేది, తర్వాత ఏడుకి మారింది. సెటిల్‌మెంట్ ఇంకా రాలేదు తమ్ముడూ. మెట్రో దగ్గర్నుంచి క్యాబ్ కూడా తీసేశారు" అన్నాడు. క్యాబ్ తీసేయడం మామూలుగా చిన్న విషయమే, పీఎఫ్ తేదీల పక్కన పెట్టి చూస్తే కాదు.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెరికా కంపెనీల సెంటర్లకు వెళ్లేవాళ్లు మాత్రం ఇక్కడి లెక్కలు చూసి మురిసిపోకండి. ఇక్కడి యూనిట్ ఖర్చులకు మార్జిన్ కలిపి మాతృసంస్థే బిల్లు కట్టేస్తుంది కాబట్టి ఎప్పుడూ లాభమే కనిపిస్తుంది. మాతృసంస్థ లిస్టెడ్ అయితే దాని రిపోర్టులు చదవండి.

రోజూ మూడు గంటలు లీట్‌కోడ్ చేసేవాళ్లం, ఒక్క సాయంత్రం దీనికి కేటాయించలేమా? నేను చేరుతున్న కంపెనీ పట్టికలో ఏడాదిగా 180, 190 మధ్యే ఉంది, పీఎఫ్ ఒక్క నెల కూడా 15 దాటలేదు. ఆఫర్ లెటర్‌లో మాత్రం ప్రొబేషన్‌లో నేను 60 రోజుల నోటీసు ఇవ్వాలని, కంపెనీ 15 రోజులే ఇస్తుందని రాశారు. ఇద్దరికీ 30 చేయమని మెయిల్ పెట్టాను. రెండు రోజులు నసిగి, మార్చి పంపారు.