భుజంలో చిక్కుకున్న నైట్రోజన్

సంక్రాంతి సెలవుల్లో, కనుమ మర్నాడు పొద్దున్నే రుషికొండ నుంచి పడవలో వెళ్ళి 30 మీటర్ల లోతుకు దిగాను. అడుగున 20 నిమిషాలున్నాను. పైకి రావడానికి మాత్రం 50 సెకన్లే పట్టింది. నిజానికి నిమిషానికి 9 మీటర్ల చొప్పున మెల్లగా వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, ఆ తర్వాత నీళ్ళ పైకి తేలాలి. అంటే ఆరు నిమిషాలకు పైగా పట్టాల్సిన పని.

నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ద్రావణాల పాఠంలో హెన్రీ నియమం దగ్గర డైవర్ల ముచ్చట ఏటా వస్తుంది. వాళ్ళ సిలిండర్లలో హీలియం కలిపిన గాలి ఉంటుందని కూడా చెబుతుంటాం. నా సిలిండర్లో హీలియం లేదు, మామూలు గాలే ఉంది. సరదాకి డైవింగ్ చేసేవాళ్ళలో ఎక్కువమంది దిగేది ఆ గాలితోనే.

జరిగింది ఇది. డైవర్ వేసుకునే జాకెట్లోకి సిలిండర్ నుంచి గాలి నింపుకోవడానికి ఒక బటన్ ఉంటుంది. అడుగున కాస్త తేలికగా ఉండాలని దాన్ని నొక్కాను. నొక్కిన బటన్ మళ్ళీ పైకి లేవలేదు. జాకెట్ ఉబ్బడం, నేను లేవడం ఒకేసారి మొదలయ్యాయి. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి లోపలి గాలి ఇంకా వ్యాకోచిస్తుంది. 30 మీటర్ల దగ్గర ఒక లీటరు ఉన్న గాలి పైకి వచ్చేసరికి 4 లీటర్లవుతుంది. అందుకే వేగం పెరుగుతూనే పోయింది. జాకెట్‌కి తగిలించిన గొట్టాన్ని లాగేస్తే అక్కడితో ఆగిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ చెయ్యి అటు వెళ్ళలేదు.

పడవలోకి లాగగానే మా డైవ్ లీడర్ అడిగిన మొదటి ప్రశ్న, "మాస్టారూ, ఊపిరి వదులుతూ వచ్చారా, బిగబట్టారా?"

"వదులుతూనే వచ్చాను."

ఆయన ముఖంలో టెన్షన్ కొంత తగ్గింది. ఊపిరి బిగబట్టి ఉంటే జాకెట్‌లోలాగే ఊపిరితిత్తుల్లోనూ గాలి ఉబ్బి, అవి చిట్లి, బుడగలు నేరుగా మెదడుకి వెళ్ళే రక్తంలో పడేవి. అలాంటిది జరిగితే నిమిషాల్లోనే మనిషి కుప్పకూలిపోతాడు. రెండో రకం ప్రమాదం, అంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టడం, అలా కాదు, అది తీరిగ్గా వస్తుంది. ఆయన ఆక్సిజన్ మాస్క్ పెట్టి గంటసేపు తీయొద్దన్నాడు. పావుగంటకే నాకు బాగానే ఉందనిపించి తీసేశాను. "సాయంత్రం దాకా చూసుకోండి, ఏ చిన్న తేడా అనిపించినా ఫోన్ చేయండి" అని మాత్రం ఒత్తి చెప్పాడు.

ఆ పావుగంటలో నా ఒంట్లో ఏం జరుగుతోందో తర్వాత కాగితం మీద లెక్క వేసుకున్నాను. నీటిపైన మనం పీల్చే గాలి పీడనం 1 అట్మాస్ఫియర్, అందులో నైట్రోజన్ వాటా 0.79. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో అట్మాస్ఫియర్ చేరుతుంది కాబట్టి 30 మీటర్ల దగ్గర పీల్చే గాలి 4 అట్మాస్ఫియర్లు, అందులో నైట్రోజన్ పాక్షిక పీడనం 3.16. ద్రవంలో కరిగే వాయువు దాని పాక్షిక పీడనానికి అనులోమంగా ఉంటుందని హెన్రీ 1803లోనే చెప్పాడు. అంటే అక్కడే చాలాసేపు ఉండిపోతే నా రక్తంలో, కండరాల్లో, కొవ్వులో మామూలుకంటే నాలుగు రెట్లు నైట్రోజన్ కరుగుతుంది. కొవ్వు అయితే నీటికంటే దాదాపు 5 రెట్లు ఎక్కువ నైట్రోజన్‌ను దాచుకోగలదు.

కానీ ఈ నిండడం ఒక్కసారిగా జరగదు. ఒంట్లోని భాగాలు ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో నిండుతాయని 1908లో హాల్డేన్ లెక్కగట్టాడు. మేకల మీద పరీక్షలు చేసి డైవర్లకు మొదటి పట్టికలు ఇచ్చినవాడు ఆయనే. రేడియోధార్మికతలో అర్ధాయువు ఎలాగో ఇక్కడా అలాగే. రక్తం బాగా పారే భాగానికి 5 నిమిషాల అర్ధకాలం అనుకుంటే, 20 నిమిషాల్లో నాలుగు అర్ధకాలాలు గడిచి ఆ భాగం దాదాపు నిండిపోతుంది. నా లెక్కలో అక్కడి నైట్రోజన్ 3.0కి చేరింది. 20 నిమిషాల అర్ధకాలం ఉన్న భాగం సగమే నిండి 2.0 దగ్గర ఆగింది.

పద్ధతి ప్రకారం మెల్లగా వచ్చి 5 మీటర్ల దగ్గర ఆగి ఉంటే ఆ 3.0 దారిలోనే ఊపిరితిత్తుల గుండా బయటికి పోయి, పైకి వచ్చేసరికి 2.1 దాకా దిగేది. నేను 50 సెకన్లలో వచ్చేశాను కాబట్టి అది దాదాపు అలాగే మిగిలింది. చుట్టూ పీడనం చూస్తే 1 మాత్రమే. గోలీ సోడా కొట్టేటప్పుడు గోలీని మెల్లగా నొక్కి పట్టుకుంటే గ్యాస్ సుయ్‌మంటూ పోతుంది, ఒక్క గుద్దు గుద్దితే సోడా చొక్కా మీద పడుతుంది. సీసాలో గ్యాస్ రెండుసార్లూ అంతే ఉంది, తేడా అంతా వదిలిన తీరులోనే. లోతుకీ సమయానికీ పట్టిక పెట్టిన హద్దు నేను దాటలేదు. పైకి వచ్చిన తీరులోనే తప్పు జరిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి కుడి భుజంలో లోపలెక్కడో పోటు మొదలైంది. "ఏటైంది నాయనా, బరువులెత్తావేటి?" అంటూ అమ్మ బామ్ తెచ్చి రుద్దింది. తర్వాత బాగా కాగిన నీళ్ళతో స్నానం చేయమంది. చేశాను. వేడెక్కితే ద్రవంలో వాయువు ద్రావణీయత తగ్గుతుందని పిల్లలతో వందసార్లు వల్లె వేయించిన మనిషిని, డైవ్ చేసొచ్చిన రోజు వేడినీళ్ళ కింద నిలబడ్డాను. స్నానం తర్వాత పోటు ఇంకా పెరిగింది.

బెణుకు కాదని అనుమానం రావడానికి కారణం ఉంది. బెణికిన చోట నొక్కితే, చెయ్యి ఎత్తితే నొప్పి మారుతుంది. ఇది ఎటు తిప్పినా ఒకేలా ఉంది, నొక్కితే ఎక్కువా కాలేదు. పొద్దున జరిగినదానికి మధ్యాహ్నం నొప్పేమిటంటే, బుడగ పుట్టిన చోటే ఉండి చుట్టుపక్కల కణజాలంలో మిగిలిన నైట్రోజన్‌ను లోపలికి లాక్కుంటూ గంటల తరబడి పెరుగుతుంది. నాలుగింటికి చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. అప్పుడు గానీ ఫోన్ చేయలేదు.

"మాస్టారూ, వెంటనే పడుకోండి, నేను ఆక్సిజన్ సిలిండర్ తెస్తున్నాను. డ్రైవింగ్ మీరు చేయొద్దు. రేపు అరకు ప్రోగ్రాం కూడా మానేయండి."

మర్నాడు మా బావమరిది వాళ్ళతో అరకు వెళ్ళాల్సి ఉందని పొద్దున పడవలో చెప్పాను, ఆయన గుర్తు పెట్టుకున్నాడు. ఆ ఘాట్ రోడ్డు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడ గాలి పీడనం విశాఖ తీరంలో కంటే సుమారు 11 శాతం తక్కువ. ఒంట్లో ఉన్న బుడగలు అక్కడ ఇంకా ఉబ్బుతాయి. మళ్ళీ నీళ్ళలోకి దిగితే తగ్గిపోదా అని అడిగాను. కసిరినంత పని చేశాడు. దిగితే బుడగ చిన్నదవుతుంది నిజమే, కానీ గాలి పీలుస్తున్నంతసేపూ కొత్త నైట్రోజన్ ఎక్కుతూనే ఉంటుంది, పైగా నీళ్ళలో చెయ్యి చచ్చుబడితే దిక్కెవరు?

రాత్రి తొమ్మిదింటికి, గాలి పీడనం పెంచి వైద్యం చేసే చాంబర్లోకి వెళ్ళాను. ముందు డాక్టర్‌గారు కళ్ళు మూయించి నిలబెట్టారు, గీత మీద నడిపించారు, వేళ్ళ మీద సూదితో గుచ్చి చూశారు. తిమ్మిరి అంటే నరాల లక్షణం కాబట్టి పొడవైన ట్రీట్‌మెంటే ఇవ్వాలన్నారు. ఆ తర్వాత నర్సు నా భుజం వాసన చూసి సబ్బుతో కడిగించింది. అధిక పీడనంలో ఆక్సిజన్ ఉన్న చోట బామ్, తలనూనె, నైలాన్ బట్టలు, సెల్‌ఫోన్ అన్నీ నిప్పుకి దారులే. అమ్మ ప్రేమగా రుద్దిన బామ్ వదలడానికి రెండు కడుగుళ్ళు పట్టింది.

లోపల నాతో ఒక అటెండెంట్ కూర్చున్నాడు. గాలి నింపుతుంటే గది ఒక్కసారిగా వేడెక్కింది, చెవులు బిగుసుకున్నాయి, ఇద్దరి గొంతులూ సన్నబడ్డాయి. 18 మీటర్ల లోతుకు సమానమైన 2.8 అట్మాస్ఫియర్ల దగ్గర ఆపి నాకు మాస్క్ తగిలించారు.

బుడగను నొక్కి చిన్నది చేయడమే ఈ వైద్యం అని నేను అంతవరకూ అనుకునేవాణ్ణి. లెక్క వేసి చూస్తే అది సగం మాటే. 2.8 అట్మాస్ఫియర్ల దగ్గర బుడగ ఘనపరిమాణం 36 శాతానికి తగ్గుతుంది గానీ, వ్యాసం 71 శాతం దగ్గరే ఆగిపోతుంది. నరాన్ని నొక్కుతున్న బుడగకి అదేమంత తగ్గుదల కాదు. అసలు పని చేసేది మాస్క్‌లోని ఆక్సిజన్. నొక్కిన బుడగలో నైట్రోజన్ రెండు అట్మాస్ఫియర్లకు పైనే ఉంటుంది. మామూలు గాలే పీలిస్తే ఊపిరితిత్తుల్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి బయటికి పోయే దారి లేదు. శుద్ధమైన ఆక్సిజన్ పీలిస్తే ఊపిరితిత్తుల్లో నైట్రోజన్ దాదాపు సున్నా. బుడగ నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి ఏటవాలు ఏర్పడి నైట్రోజన్ జారిపోతుంది. దాని చోటుకి వచ్చిన ఆక్సిజన్‌ను ఒళ్ళు వాడేసుకుంటుంది. పొద్దున పడవలో నేను తీసేసిన మాస్క్ కూడా ఈ పని చేయడానికే పెట్టారు.

20 నిమిషాలు ఆక్సిజన్, 5 నిమిషాలు గాలి, ఇలా మూడు విడతలు. ఆ పీడనం దగ్గర ఆక్సిజన్ ఆపకుండా పీలిస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే మధ్యలో గాలి. తర్వాత అరగంటలో 9 మీటర్ల పీడనానికి దించి, 15 నిమిషాలు గాలి, గంట ఆక్సిజన్ చొప్పున రెండు విడతలు. చివర ఇంకో అరగంటలో బయటి పీడనానికి. మొత్తం నాలుగుముప్పావు గంటలు. రెండో విడతలో భుజంలో పోటు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. చివరి అరగంటకి అటెండెంట్ కూడా మాస్క్ పెట్టుకున్నాడు. అంతసేపూ గాలి పీల్చింది ఆయనే కాబట్టి, నాకోసం కూర్చుని ఆయన ఒంట్లోకి నైట్రోజన్ ఎక్కించుకున్నాడు. బయటికి దించేటప్పుడు గది చల్లబడి పల్చగా మంచు కమ్మింది.

ఉంగరపు వేలు ఆ రాత్రే బాగైంది. చిటికెనవేలి కోసం మర్నాడు ఇంకో చిన్న విడత పట్టింది, అయినా కొసన మొద్దుతనం మూడు వారాలు ఉంది. నెల దాకా నీళ్ళలోకి దిగొద్దని, ముందు గుండెకి బుడగల ఎకో చేయించుకోమని రాశారు. గుండె పై గదుల మధ్య చిన్న రంధ్రం నలుగురిలో ఒకరికి మూసుకోకుండా మిగిలి ఉంటుందట, దానిగుండా బుడగలు ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుపోతాయి. నాకు లేదని తేలింది.

జాకెట్ బటన్ విప్పి చూశాను. స్ప్రింగ్ చుట్టూ ఉప్పు తెల్లగా పెచ్చు కట్టి ఉంది. అంతకు ముందు వారం డైవ్ చేసొచ్చి, మంచినీళ్ళతో కడగకుండా మేడ మీద తీగకి ఆరేసింది నేనే.