పని టైము మార్చమని అక్కకి పంపిన మెసేజ్

విజయనగరంలో మా ఇంట్లో పని చేసే అక్క పొద్దున్న ఎనిమిదికి వచ్చి తొమ్మిదికి వెళ్లేది. అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచేది. జీతం 2500. జూలై నుంచి మావారికి ఆఫీసు టైము ముందుకు జరిగింది. అక్క ఆరున్నరకే వచ్చి, కూరగాయలు కూడా తరిగి పెడితే బాగుణ్ణనిపించింది. జూన్ చివర్లో రాత్రి పూట వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టేశాను: ‘1వ తారీఖు నుంచి 6:30కి రావాలి. 1000 ఎక్కువ ఇస్తాం.’

ఒకటో తారీఖున ఆరున్నరకే వచ్చింది. పని అయ్యాక జూన్ జీతం 2500 చేతిలో పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మర్నాడు గుమ్మం దగ్గర ఆగి నెమ్మదిగా అడిగింది: ‘అమ్మా, ఆ వెయ్యి తరవాత ఇస్తారా?’

తప్పు నాదే. ‘1 నుంచి’ అంటే నా లెక్కలో ఆ రోజు మొదలయ్యే పనికి. తనకి అది జీతం అందే రోజు. నెల తిరిగాక జీతం ఇచ్చే ఇంట్లో ఆ రెండింటికీ నెల తేడా ఉంటుంది.

కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడితే ఇంకోటి తెలిసింది. ఏడింటికి తనకి వేరే ఇల్లుంది. నా మెసేజ్ చూసి వాళ్లని బతిమాలి ఎనిమిదింపావుకి మార్చుకుంది, శనివారం మాత్రం వాళ్లు కుదరదన్నారు. ‘వీలవుతుందా’ అని నేను ముందు అడగనే లేదు. పైగా అక్క మెసేజ్‌లు కూతురు చదివి వినిపిస్తుంది. తల్లికి ఆ పిల్ల ‘రావాలి’ అని చదివి ఉంటుందని తలుచుకుంటే మనసు చివుక్కుమంది.

శని, ఆదివారాలు పాత టైమే అనుకున్నాం. ‘మరి డబ్బు తగ్గుతుందా?’ అంది. రోజుకి గంట చొప్పున నెలకి 2500 అయితే, వారానికి అయిదు రోజులు అరగంట ఎక్కువకి తొమ్మిది వందల దగ్గర తేలుతుంది. పొద్దున్నే లేచి రావాలి కదా, వెయ్యే ఉంచాను. ఆ సాయంత్రం మళ్లీ రాశాను:

‘అక్కా, నమస్తే. మనం అనుకున్నవి రాస్తున్నాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న 6:30 నుంచి 8. శని, ఆదివారాలు పాత టైమే, 8 నుంచి 9. కొత్త పని కూరగాయలు తరగడం ఒక్కటే, అదీ ఆ అయిదు రోజులే. పాత జీతం 2500, పెంచింది 1000, మొత్తం నెలకి 3500. నిన్న ఇచ్చింది జూన్ జీతం. జూలై జీతం 3500 ఆగస్టు 1న ఇస్తాను. ఇందులో ఏదైనా మీకు కుదరకపోతే చెప్పండి, మార్చుకుందాం.’

చదవడానికి ఎవరూ లేనప్పుడు వింటుందని అవే మాటలు వాయిస్‌లో కూడా పెట్టాను.

కాసేపటికి కూతురి గొంతుతో జవాబొచ్చింది: ‘అమ్మ సరేనంది. సిరిమాను రోజు సెలవని కూడా రాయమంది.’

దసరా తరవాతి మంగళవారం సెలవు, జీతం కోత లేదు అని ఇంకో వాక్యం రాసి పంపాను.