రెండు బస్తాల సిమెంటు, నలభై వేలు

పోయిన వారం సిమెంటు కంపెనీ రీజినల్ ఆఫీసులో ఇచ్చిన స్పాన్సర్‌షిప్ లెటర్ తిరిగి నా చేతికే వచ్చింది. అందులో "మీ సీఎస్ఆర్ నిధుల నుంచి మా కాలేజీ సివిల్ ఇంజనీరింగ్ ఫెస్ట్‌కి సహాయం చేయగలరు" అని రాశాను. సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు. మార్కెటింగ్ మేనేజర్‌గారు ఆ లైన్ కింద పెన్సిల్‌తో గీత గీసి, "బ్యానర్ మీద మా పేరు వేస్తానంటున్నావు కదమ్మా, అప్పుడది సీఎస్ఆర్ ఎలా అవుతుంది?" అన్నారు.

ఇంటికొచ్చి చూస్తే ఆయన చెప్పింది నిజమే. సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ లెక్కలోకి రాదని 2021లో సవరించిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. అంటే నేను అడగాల్సింది సాయం కాదు, వాళ్ళ ప్రచార ఖర్చులో కొంత. అలా అడగాలంటే వాళ్ళకేం దక్కుతుందో చెప్పాలి.

ఆయన ఇంకో మాట కూడా అడిగారు: "రెండు వేల మంది వస్తారని రాశావు, అందులో సివిల్ వాళ్ళెంత మంది?" నా దగ్గర జవాబు లేదు. నిన్న రాత్రి పోయినేడాది రిజిస్ట్రేషన్ షీట్లు ముందేసుకుని కూర్చుని లెక్కపెట్టాను. సివిల్ వాళ్ళు 412 మంది, అందులో ఫైనలియర్ 176. రెండు వేలు తీసేసి ఈ రెండు అంకెలే రాశాను. ఏడాది తిరిగేసరికి వీళ్ళలో చాలామంది సైట్‌లో ఉంటారు, ఏ సిమెంటు వాడాలో మేస్త్రీతో మాట్లాడేది వాళ్ళే.

లోగో, స్టాల్ ఎవరైనా ఇస్తామంటారు. అందుకే కాంక్రీటు క్యూబ్ పోటీని ముందు పెట్టాను. 12 టీములు, టీముకి 3 క్యూబులు, అన్నీ వాళ్ళ సిమెంటుతోనే. ఏడు రోజులు నీళ్ళలో క్యూరింగ్ అయ్యాక అందరి ముందూ మెషీన్‌లో పెట్టి పగలగొడతాం. వాళ్ళ టెక్నికల్ ఆఫీసర్ పక్కన నిలబడి, ఏ క్యూబ్ ఎందుకు ముందు పగిలిందో చెప్తారు.

మొదటి లెటర్‌లో "ఇరవై బస్తాలు, మీకు తోచినంత డబ్బు" అని ఉంది. ఈసారి లెక్క వేశాను. 150 మిల్లీమీటర్ల క్యూబులు 36 అంటే 0.12 ఘనపు మీటరు కాంక్రీటు. ఘనపు మీటరుకి 400 కిలోల సిమెంటు చొప్పున దాదాపు ఒక బస్తా. వృథాకి ఇంకోటి కలిపి రెండు అడిగాను. డబ్బు 40,000: బహుమతులకి 18,000, భోజనాలకి 14,000, బ్యానర్లు, సర్టిఫికెట్లకి 8,000. సర్టిఫికెట్లు ప్రింటింగ్‌కి వెళ్ళేలోగా, 25వ తేదీకల్లా జవాబు కావాలని రాశాను.

ఈరోజు ఆయన మొత్తం నిలబడే చదివారు. "డబ్బు సంగతి పైవాళ్ళని అడగాలి, బస్తాలు మాత్రం పంపిస్తాను" అన్నారు. ల్యాబ్‌లో మోల్డులు 18 ఉన్నాయి. రెండు రోజులు పోత పోయాలి, రేపే మేడమ్‌ని అడిగి తారీఖులు పెట్టుకోవాలి.