రెండు రోజుల ఆలస్యం

షార్జాలో నేను చేసే పని ఏమిటో మా ఊళ్లో వెంటనే ఎవరికీ అర్థం కాదు. దర్జీ దుకాణాలు, కారు మెకానిక్కులు, చిన్న హోటళ్లు, ఇలాంటి వాళ్ల గురించి కస్టమర్లు చెప్పే మాటలను వీడియో తీసి, కత్తిరించి ఇస్తాం. ఏడేళ్లుగా అదే కూడు పెడుతోంది. ఈసారి సెలవుకు దేవరకొండ వచ్చేసరికి, మోటార్ల వైండింగ్ షాపు నడిపే మా బావ "మన షాపుకూ ఒకటి తీసిపెట్టు" అన్నాడు.

మాట్లాడే మనిషిని బావే ఎంచాడు. ఐదెకరాల బత్తాయి తోట ఉన్న రైతు, వరుసకు నాకు మామ. ఏం చెప్పాలో కూడా బావ కాగితం మీద రాసిచ్చాడు. "నాణ్యమైన సేవ, సరసమైన ధర" అంటూ మామ చదువుతుంటే బడిలో ప్రతిజ్ఞ చేసినట్టుంది. ఆ కాగితం మడిచి నా జేబులో పెట్టుకున్నాను. మామకు బిల్లులో 500 తగ్గిస్తానన్నాడు బావ. వద్దన్నాను. ప్రతిఫలం ముట్టినప్పుడు ఆ సంగతి చూసేవాళ్లకు చెప్పాలని 2022లో మన దేశంలో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలే అంటున్నాయి. అంతకంటే ముందు, 500 పుచ్చుకున్న మామ నోట నిజం ఎంత వస్తుందో నాకే అనుమానం.

తోటకే వెళ్లాం. మోటారు ఆపించాను, ఆ శబ్దం మాటల కింద చేరితే తర్వాత విడదీయలేం. కాలరు మైకు గాలికి హోరెత్తకుండా చొక్కా లోపలి వైపు పెట్టాను. నేను కెమెరా పక్కనే కూర్చున్నాను, మామ చూపు నా మీద ఉంటే చాలు.

"పని బాగా చేశాడా?" అని అడిగితే "బాగా చేశాడు" అన్న జవాబుతో కథ ముగుస్తుంది. అందుకే, "మోటారు కాలిన రోజు ఏం జరిగింది మామా? 'మోటారు కాలిన రోజు' అనే మాటతోనే మొదలుపెట్టు" అన్నాను. నా ప్రశ్న వీడియోలో ఉండదు కాబట్టి జవాబు ఒంటరిగా నిలబడాలి. ఏప్రిల్ ఎండల్లో కాయ పిందె మీద ఉండగా నీళ్లు ఆగాయని ఆయన చెప్పాడు. తర్వాత, "ఈ షాపుకు ఇచ్చేముందు నీకున్న భయం ఏమిటి?" అని అడిగాను. "రాగి తీగ అని చెప్పి అల్యూమినియం చుట్టేస్తారేమోనని" అని ఆగాడు. నేనూ మాట్లాడలేదు. ఈ మౌనం షార్జాలో మా మలయాళీ యజమాని నేర్పిన విద్య. జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టమంటాడు. మూడు దాటగానే మామ అందుకున్నాడు: "పాత రాగిని నా కళ్ల ముందే తూచి బిల్లులో తగ్గించాడు. అప్పుడు నమ్మకం కుదిరింది. ఇస్తానన్న రోజుకు మాత్రం ఇవ్వలేదు, రెండు రోజులు తిప్పాడు. అయితే రెండేళ్లయింది, మళ్లీ కాలలేదు."

చివర ఎవరూ మాట్లాడకుండా తోట చప్పుడు అర నిమిషం రికార్డు చేశాను. మాటలు కత్తిరించిన చోట ఆ చప్పుడు పరిస్తే అతుకు వినిపించదు. మోటారు వేయించి, పైపులోంచి దూకే నీళ్లనూ, మామ చేతులనూ విడిగా తీశాను.

ఇరవై రెండు నిమిషాల మాటలు నిమిషం నలభై సెకన్లకు దిగాలి. ముందు మొత్తం కాగితం మీద రాసుకుని, ఉంచే వాక్యాల కింద గీతలు గీశాను. బావ పక్కన కూర్చుని, "ఆ రెండు రోజుల ముక్క తీసెయ్యి, మీద నీళ్ల బొమ్మ వేస్తే ఎవరికీ తెలియదు" అన్నాడు. నిజమే, తెలియదు. కెమెరా ముందు మనిషి తల ఉన్నట్టుండి గెంతకుండా ఆ బొమ్మలు వాడతాం. అదే బొమ్మ కింద అబద్ధమూ దాక్కుంటుంది. షార్జాలో కొత్తలో ఒక దర్జీ దుకాణం కోసం ఒకావిడ మాటల్లో "సరిచేయడానికి వేరే డబ్బు అడిగారు" అన్న ముక్క నేనే లేపేశాను. "నేను అలా మెచ్చుకోలేదు" అని ఆమె గొడవ చేస్తే వీడియో తీసెయ్యాల్సి వచ్చింది. అప్పటి నుంచి కత్తిరింపు అయ్యాక కళ్లు మూసుకుని వింటాను. ఆ మనిషి చెప్పని అర్థం వినిపిస్తే ఆ అతుకు విప్పేస్తాను. నత్తులు, దగ్గులు, రెండోసారి చెప్పిన మాటలు తీస్తాను. "అయితే" ముందున్న ఫిర్యాదును ముట్టుకోను. ఆ "అయితే" లేకుంటే రెండేళ్ల మాటకు బరువేముంది?

బావ ముఖం ముడుచుకున్నాడు. వీడియోను మామకు ఫోనులో చూపించాను. ఆలస్యం మాట దగ్గర ఆయన నవ్వాడు. మోటారు కోసం అప్పు చేశానని చెప్పిన చోట మాత్రం, "ఇది వద్దురా, వియ్యంకులు చూస్తారు" అన్నాడు. అది ఆయన ఇంటి సంగతి, షాపు గురించిన మాటేమీ మారదు. అక్కడికక్కడే తీసేశాను. రెండు రోజుల ముక్క ఉన్న చోటే ఉంది, మర్నాడు బావ అలుగుతూనే నన్ను బస్సెక్కించాడు.