600 గజాల దగ్గర సెగ చదవడం: మూడో నెల లాగ్

శనివారం, టెక్సాస్ ఎండ. పొద్దున పదకొండుకే 98 డిగ్రీల ఫారెన్‌హీట్. రైఫిల్ .308, గుండు 175 గ్రెయిన్లు, దూరం 600 గజాలు. ఇవాళ గ్రూపు ఎంత చిన్నగా వస్తుందన్నది చూసుకోలేదు, స్పాటింగ్ స్కోప్‌లో మిరాజ్ చూసి గాలి అంచనా వేయడం ఒక్కటే పని.

మిరాజ్ అంటే మన ఎండమావే. వేసవిలో పొయ్యి మీద సెగ ఆడినట్టు, వేడెక్కిన నేల మీది గాలి పొరలు వెలుతురును వంచుతూ కదులుతాయి, గాలి ఎటు వీస్తే ఆ అలలు అటు పారతాయి. గాలి మన నుంచి టార్గెట్ వైపో, టార్గెట్ నుంచి మన వైపో వీస్తుంటే గానీ, అసలు లేకపోతే గానీ అలలు నిట్టనిలువుగా పైకి లేస్తాయి. దాన్నే ఇక్కడ బాయిల్ అంటారు, చూస్తే నిజంగా నీళ్ళు మరుగుతున్నట్టే ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, మిరాజ్ అడ్డగాలినే చూపిస్తుంది కాబట్టి గాలి ఏ కోణంలో వస్తోంది, అందులో ఎంత వంతు లెక్కలోకి తీసుకోవాలి అని విడిగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

మొదటి రెండు నెలలు నేను చేసిన తప్పు ఫోకస్‌లో ఉంది. టార్గెట్ రింగులు స్పష్టంగా కనపడేలా పెట్టుకుని దాన్ని అలాగే వదిలేసేవాణ్ణి, దాంతో టార్గెట్ దగ్గరి సెగే కనిపించేది. ఇప్పుడు ముందు టార్గెట్ మీద ఫోకస్ చేసి, తర్వాత ఫోకస్ రింగును కొద్దిగా దగ్గరి వైపు తిప్పుతున్నాను. 300, 400 గజాల మధ్య ఉన్న గుంజ స్పష్టంగా కనపడి టార్గెట్ కాస్త మసకబారితే చాలు, అలలు పెద్దగా, విడివిడిగా కనిపిస్తాయి. జూమ్ 25 దగ్గర ఉంచాను. 50కి పెంచితే ఈ ఎండలో అంతా కలగాపులగం అయిపోయింది. స్టాండ్ ఎత్తు కూడా పెంచాను, ఎందుకంటే కాల్చే చోట సిమెంటు గచ్చు నుంచి లేచే వేడి అసలు సెగతో కలిసి కంటిని మోసం చేస్తోంది.

అంచనా ఇలా వేస్తున్నాను. అలలు కొద్దిగా వాలి నెమ్మదిగా కదిలితే గంటకు ఒకటి నుంచి మూడు మైళ్ళు, సగానికి సగం వాలితే నాలుగు నుంచి ఏడు, పూర్తిగా పడుకుని ఏరులా పారితే ఎనిమిది పైన. పన్నెండు దాటాక పారడం ఒకేలా కనిపిస్తుంది కాబట్టి అక్కడి నుంచి జెండాలే దిక్కు. నా గుండుకి 600 గజాల దగ్గర ఒక మైలు అడ్డగాలికి దాదాపు మూడు అంగుళాల తేడా, అంటే స్కోప్ తిప్పే కోణపు కొలతలో 0.5 ఎంఓఏ. పది పాయింట్ల రింగు వెడల్పు ఆరు అంగుళాలు, సగం మూడే. ఒక మైలు తప్పు చదివితే పది పోయినట్టే.

పదకొండో షాట్ ముందు అలలు ఎడమ నుంచి కుడికి, సగం వాలుగా పారుతున్నాయి. ఐదు మైళ్ళు అనుకుని 2.5 ఎంఓఏ ఎడమకి, అంటే పది క్లిక్కులు తిప్పాను. పది పడింది, మధ్యకి బాగా దగ్గరగా. పన్నెండో దానికి స్కోప్ చూడకుండా జెండా చూశాను, అది ఇంకా కుడికే ఎగురుతోంది కదా అని అదే సెట్టింగ్‌తో కాల్చేశాను. గుర్తు పెట్టిన టార్గెట్ పైకి వచ్చేసరికి గుండు పన్నెండున్నర అంగుళాలు ఎడమకి, ఆరు. వెంటనే స్కోప్‌లో చూస్తే అలలు దాదాపు నిలువుగా మరుగుతున్నాయి. గాలి ఒక మైలుకి పడిపోయింది, నేను ఐదుకి పట్టుకుని కూర్చున్నాను. లెక్క కడితే 2 ఎంఓఏ, అంటే సరిగ్గా ఆ పన్నెండున్నర అంగుళాలే. బరువైన జెండా గుడ్డ ఆలస్యంగా కిందికి దిగుతుంది, సెగ మాత్రం గాలి ఆగగానే చెప్పేస్తుంది.

పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన అది చూసి, మరుగుతున్నప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు, గాలి దిశ మారబోయే ముందు చాలాసార్లు అలాగే అవుతుంది, మళ్ళీ పాత వాలు వచ్చేదాకా ఆగు అన్నారు. ఆగాను. నలభై సెకన్లకి అలలు మళ్ళీ కుడికి వాలాయి, కాల్చాను, పది. ఆ తర్వాత బాయిల్ కనిపించిన ప్రతిసారీ వేలు తీసేశాను, టైమ్ పోతోందని టెన్షన్ వచ్చినా సరే.

పదిహేడో షాట్ దగ్గర మబ్బు కమ్మి మిరాజ్ ఒక్కసారిగా మాయమైంది. గాలి ఆగలేదు, నేల మీద ఎండ తగ్గిందంతే. ఈ తేడా తెలియకపోతే గాలి లేదనుకుని సున్నాకి తిప్పేస్తాం. అప్పుడు జెండా మీదే ఆధారపడ్డాను, తొమ్మిది పడింది.

వచ్చే వారం ఒక పని మారుస్తున్నాను. కాల్చే ముందే నోట్‌బుక్‌లో అలల వాలు గీత గీసి, అంచనా వేసిన మైళ్ళు రాసి, ఆ తర్వాతే షాట్. గుండు పడిన చోటు నుంచి వెనక్కి లెక్కకట్టి, నా ఐదు నిజంగా ఐదో, నాలుగో చూస్తాను. ఇవాళ్టి కాగితాల్లో ఎడమ గాలిని ఎక్కువగానూ, కుడి గాలిని తక్కువగానూ చదువుతున్నట్టు కనిపిస్తోంది.